పన్ను నోటీసును మూడు వాక్యాల్లో రాసుకుందాం

మన హాస్టల్లో చదివి ఉద్యోగంలో చేరిన అన్నలకు, అక్కలకు ఎప్పుడో ఒకప్పుడు ఆదాయపు పన్ను శాఖ నుంచి ఈమెయిల్ వస్తుంది. మన ఇళ్లల్లో నోటీసు అంటే బ్యాంకు అప్పు, లేకపోతే కోర్టు. అందుకే ఆ మాట వినగానే అమ్మానాన్నలు భయపడతారు. చదివి చెప్పేవాళ్లు ఇంట్లో ఉండరు. భయంతో కొందరు అడిగినంతా కట్టేస్తారు, కొందరు మెయిల్ తెరవకుండా వదిలేస్తారు. రెండూ నష్టమే. కామర్సు పీజీలో మేము నేర్చుకున్న దానిలో ఈ ఒక్క పాఠాన్ని ఇక్కడ రాస్తున్నాం. నోటీసు ఎన్ని పేజీలున్నా మనకు కావలసినవి మూడే: ఎంత అడుగుతున్నారు, ఎందుకు అడుగుతున్నారు, ఎప్పటిలోగా జవాబివ్వాలి.

ముందుగా అది నిజమైన నోటీసేనా అని చూడాలి. ప్రతి నోటీసు మీద డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. incometax.gov.in లో "Authenticate Notice/Order Issued by ITD" అనే చోట ఆ సంఖ్య వేస్తే అసలుదో నకిలీదో తెలుస్తుంది. మెయిల్లో ఉన్న లింకును నొక్కకుండా, సైటును మనమే తెరిచి చూడాలి.

జీతగాళ్లకు ఎక్కువగా వచ్చేది 1961 చట్టంలోని సెక్షన్ 143(1) ఇంటిమేషన్. 2025లో చేసిన కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కావలసినదే అయినా, అంతకు ముందు సంవత్సరాల రిటర్నులకు పాత చట్టం సెక్షన్లే వర్తిస్తాయి. కాబట్టి ఒక పాత సంవత్సరం ఉదాహరణనే తీసుకుందాం.

ఒక ప్రైవేటు సంస్థలో పనిచేసే ఉద్యోగి ఉన్నాడనుకుందాం. 2023-24లో అతని జీతం 8,50,000 రూపాయలు. కొత్త పన్ను విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 50,000 పోగా 8,00,000 మిగిలింది. మొదటి 3 లక్షలకు పన్ను లేదు. తర్వాతి 3 లక్షలకు 5 శాతం చొప్పున 15,000, మిగిలిన 2 లక్షలకు 10 శాతం చొప్పున 20,000. మొత్తం 35,000. దాని మీద 4 శాతం సెస్ 1,400 కలిపితే 36,400. సంస్థ ఈ మొత్తాన్ని జీతంలోనే కోసుకుంది. అతను రిటర్నులో అలాగే చూపించాడు, కట్టాల్సింది సున్నా అని వచ్చింది. 2024 అక్టోబరు 14న మాత్రం 9,100 కట్టాలని ఇంటిమేషన్ వచ్చింది.

ఆ కాగితంలో ఒక పెద్ద పట్టిక ఉంటుంది. దానిలో రెండు నిలువు వరుసలు. ఒకటి మనం రిటర్నులో రాసిన అంకెలు, రెండోది శాఖ లెక్క కట్టిన అంకెలు. అడిగిన సొమ్ము పట్టిక అడుగున ఉంటుంది, కారణం మాత్రం పైన ఎక్కడో ఉంటుంది. అందుకని స్కేలు పెట్టుకుని పైనుంచి ఒక్కొక్క అడ్డ వరుసే చూస్తూ, రెండు అంకెలు మొదటిసారి ఎక్కడ తేడా పడ్డాయో అక్కడ ఆగాలి. కారణం అదే. ఆ కింద మారినవన్నీ దాని వల్ల మారినవే కావచ్చు.

మన ఉదాహరణలో జీతం రెండు వైపులా ఒకటే. పన్ను కూడా రెండు వైపులా 36,400. టీడీఎస్ వరుసలో మాత్రం ఇటు 36,400, అటు 27,300. తేడా 9,100. అంటే అతను ఆదాయం దాచాడని శాఖ అనడం లేదు, లెక్క తప్పు వేశాడని కూడా అనడం లేదు. కోసిన పన్నులో 9,100 అతని ఖాతాలో కనపడలేదు అంటోంది. ఇప్పుడు ఫారం 26ఏఎస్ తీసి చూడాలి. అందులో మూడు త్రైమాసికాలకు 9,100 చొప్పున ఉండి, జనవరి నుంచి మార్చి వరకు ఏమీ లేదు. సంస్థ ఆ మూడు నెలల టీడీఎస్ రిటర్ను వేయకపోయినా, పాన్ నంబరు తప్పుగా రాసినా ఇలాగే జరుగుతుంది.

ఇక గడువు. 143(1)లో డిమాండు ఉంటే అందిన 30 రోజుల్లో కట్టాలి. మెయిల్ మనం తెరిచిన రోజు నుంచి కాదు, వచ్చిన రోజు నుంచే లెక్క పెట్టుకోవాలి. అక్టోబరు 14కు 30 రోజులు కలిపితే నవంబరు 13. అది దాటితే సెక్షన్ 220(2) కింద నెలకు 1 శాతం వడ్డీ, అంటే ఇక్కడ నెలకు 91 రూపాయలు. నెలలో ఒక్క రోజు గడిచినా పూర్తి నెలగానే లెక్క. కాబట్టి అభ్యంతరం కూడా ఈ గడువులోనే చెప్పాలి.

ఇప్పుడు మన మూడు వాక్యాలు ఇలా వస్తాయి:

ఎంత: 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరానికి 9,100 రూపాయలు, వడ్డీ ఇంకా లేదు.

ఎందుకు: ఆదాయం, పన్ను సరిపోయాయి, జనవరి-మార్చి టీడీఎస్ 9,100 ఫారం 26ఏఎస్‌లో లేదు.

ఎప్పటిలోగా: 2024 నవంబరు 13.

ఈ మూడూ రాసుకుంటే చేయాల్సింది తెలిసిపోతుంది. జీతం చీటీల్లో ఆ మూడు నెలల కోత కనిపిస్తే, సెక్షన్ 205 అతని పక్షాన ఉంది. జీతంలో పన్ను కోసిన మేరకు ఉద్యోగినే మళ్లీ కట్టమని నేరుగా అడగకూడదు. ఇలాంటి డిమాండ్లను బలవంతంగా వసూలు చేయవద్దని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2015లో, మళ్లీ 2016లో తన అధికారులకు చెప్పింది. అయితే కోత పడినట్టు రుజువు ఉండాలి. చీటీల్లో కోత లేకపోతే మాత్రం ఆ 9,100 నిజంగానే బాకీ, కట్టాల్సిందే.

చట్టం మన వైపు ఉందని ఊరుకుంటే కంప్యూటరులో డిమాండు అలాగే నిలిచి ఉంటుంది. తర్వాతి సంవత్సరం రావలసిన రిఫండులోంచి దాన్ని మినహాయించుకుంటారు. అందుకే పోర్టల్లో "Pending Actions" కింద "Response to Outstanding Demand" తెరిచి, డిమాండుతో ఏకీభవించడం లేదని చెప్పి, కారణం రాసి, జీతం చీటీలు, ఫారం 16 జతపరచాలి. అదే రోజు సంస్థకు కూడా రాతపూర్వకంగా అడగాలి. వాళ్లు టీడీఎస్ రిటర్ను సరిచేశాక 26ఏఎస్‌లో అంకె కనపడుతుంది. అప్పుడు "Rectification" లో "Reprocess the return" అడిగితే డిమాండు తొలగుతుంది. 26ఏఎస్ మారకముందే ఇలా అడిగితే పాత జవాబే వస్తుంది.

ఒక చోట మాత్రం జాగ్రత్తగా ఉండాలి. నోటీసు మీద 143(1) పక్కన (ఎ) ఉండి, సవరణ ప్రతిపాదిస్తున్నామని రాసి ఉంటే అది ఇంకా డిమాండు కాదు. అప్పుడు మొదటి వాక్యంలో "ఇప్పటికి ఏమీ లేదు" అని రాసుకోవాలి. కానీ జవాబుకు 30 రోజులే గడువు. ఇవ్వకపోతే వాళ్లు చెప్పిన సవరణే ఖాయమై, డిమాండు దాని వెనకే వస్తుంది. సెక్షన్ 245 అని ఉంటే, పాత బాకీకి మన రిఫండును జమ చేసుకోబోతున్నారని అర్థం. దానికి గడువు 21 రోజులే. అందుకని మూడు వాక్యాలు రాయడానికి ముందు, కాగితం మీద సెక్షన్ నంబరును, తేదీని ఎర్ర పెన్నుతో చుట్టి పెట్టుకోండి.