వెల్డర్ రెజ్యూమే: ఒక్క పేజీలో ఏం రాయాలి?

మన రెజ్యూమే చూసేవాళ్లు ముందు ప్రాజెక్టులు వెతుకుతారు. మరి వెల్డర్ రెజ్యూమేలో ఏం వెతుకుతారు? మా బైరెడ్డిపల్లెకి బెంగళూరు దగ్గర కాబట్టి, ఐటీఐ చేసిన అన్నలు పనికి అటే చూస్తారు. నేను చూసిన బయోడేటాల్లో నాన్న పేరు, ఆధార్ నంబరు, కింద "అన్ని రకాల వెల్డింగ్ వచ్చు, 8 ఏళ్ల అనుభవం" అని ఉంటుంది. సైట్ సూపర్‌వైజర్‌కి కావాల్సింది అందులో లేదు. ఆధార్ నంబరైతే అసలు రాయకూడదు.

ఆయన చూసేది టెస్ట్ సర్టిఫికెట్. అందులో 3జీ, 6జీ అని ఉంటాయి. ఫోన్ నెట్‌వర్క్ కాదు, వెల్డింగ్ పొజిషన్. 3జీ అంటే నిలువుగా పెట్టిన ప్లేటు మీద జాయింట్. 6జీ అంటే 45 డిగ్రీల వంపులో కదలకుండా బిగించిన పైపు. చాలా కంపెనీలు పాటించే ఏఎస్‌ఎంఈ సెక్షన్ 9 నియమాల్లో ప్లేటు మీద 3జీ పాసైతే ఫ్లాట్, నిలువు జాయింట్లు చేయొచ్చు, తలపైన జాయింట్ చేయకూడదు. మందానికీ లెక్క ఉంది. 10 ఎంఎం ప్లేటు మొత్తం నింపి పాసైతే 20 ఎంఎం దాకా చేయొచ్చు. అందుకే ఒట్టి "3జీ సర్టిఫైడ్" అని రాస్తే సగమే చెప్పినట్టు.

ఇంకోటి చాలామంది వదిలేస్తారు. ఆ పద్ధతిలో 6 నెలలు వెల్డింగ్ చేయకపోతే ఆ అర్హత పోతుంది. కాబట్టి టెస్ట్ తేదీతో పాటు చివరిగా ఎప్పుడు చేశారో కూడా రాయాలి.

ఊహకి ఒక అన్నని తీసుకుందాం. ఆయన పేజీ ఇలా ఉండొచ్చు:

పేరు, ఫోన్ నంబర్, ఊరు
పని: ఆర్క్ వెల్డర్, స్ట్రక్చరల్
టెస్ట్: 3జీ, ఆర్క్, మైల్డ్ స్టీల్ ప్లేటు 10 ఎంఎం, మార్చి 2024
చివరిగా ఆర్క్ చేసింది: పోయిన నెల, ఇప్పటి సైట్‌లో
సైట్ 1 (ఇప్పటిది): ఫ్యాక్టరీ షెడ్డు స్తంభాలు, 12 ఎంఎం ప్లేటు, 14 నెలలు
సైట్ 2: నీళ్ల ట్యాంకు స్టాండ్లు, 8 ఎంఎం ప్లేటు, 9 నెలలు
చదువు: ఐటీఐ వెల్డర్ ట్రేడ్, పాసైన సంవత్సరం

కొత్త సైట్ పైన, పాతది కింద. ప్రతి సైట్‌కీ ఏం అతికించారు, ఎంత మందం, ఎన్నాళ్లు అన్న మూడూ ఉంటే చాలు. గ్రైండింగ్, గ్యాస్ కటింగ్ నెలల్ని వెల్డింగ్‌లో కలపొద్దు.

సర్టిఫికెట్ ఉన్నా కొత్త కంపెనీ సాధారణంగా మళ్లీ టెస్ట్ పెడుతుంది. ఏ టెస్ట్ పెట్టాలో వాళ్లు తేల్చుకునేది ఈ కాగితం చూసే. రాని 6జీ రాసుకుంటే పైపు ముందు నిలబెడతారు, ఆ ముక్కని ఎక్స్‌రే తీసినా వంచి చూసినా లోపల లోపం బయటపడుతుంది. వచ్చిన 3జీని సరిగ్గా రాస్తే ఆయనకి వచ్చిన పనికే టెస్ట్ పెడతారు. సెలవులకి ఊరెళ్లినప్పుడు మీ అన్నలెవరైనా బయోడేటా టైప్ చేసిమ్మంటే, ముందు ఆ టెస్ట్ కాగితం తెమ్మని అడగండి.