ఫోటో మీద కవచం: వేషం కుట్టే ముందు వేసుకోవాల్సిన బొమ్మ

మన హాస్టల్ వార్షికోత్సవానికి వీరుల వేషం కొత్త కాదు. దాచేపల్లి వాళ్లకు కారంపూడి ఎంత దూరమని! 2015లో ‘బాహుబలి’ వచ్చాక మాత్రం కవచం, వీపు మీద వేలాడే అంగవస్త్రం, కత్తి మూడూ ఉంటేనే వేషమని మాకు అనిపించింది. అభిమానించే పాత్ర వేషాన్ని స్వయంగా తయారుచేసి ధరించడాన్ని ‘కాస్‌ప్లే’ అంటారు. ఈ మాట 1980లలో జపాన్‌లో పుట్టింది.

మేము మొదటిసారి బొమ్మ వేసుకోకుండానే అట్ట కోశాం. ఛాతీ కవచం చంకల దాకా కూడా రాలేదు. కాస్మెటిక్ చార్జీల్లోంచి మిగుల్చుకున్న డబ్బుతో కొన్న గుడ్డ, రంగు రెండూ వృథా అయ్యాయి. ఆ తప్పు మీరు చేయకూడదనే ఈ పాఠం.

1. ఫోటో తీయడం

వేషం వేసేవాడు బిగుతు బనియను, వేదిక మీద వేసుకునే చెప్పులు వేసుకుని గోడ ముందు నిటారుగా నిలబడాలి. చేతులు ఒంటికి కొంచెం ఎడంగా ఉండాలి. పక్కనే ఒక మీటరు బద్దను నిలువుగా ఆనించాలి. ఫోన్‌ను నడుము ఎత్తులో పట్టుకుని, నాలుగు మీటర్ల దూరం నుంచి తీయాలి. దగ్గర నుంచి తీస్తే ఒంటి కొలతల పొందిక చెడుతుంది. ఫోటోలో బద్ద పై సగం, కింది సగం సమానంగా ఉన్నాయో లేదో స్కేలుతో చూడండి. తేడా ఉంటే ఫోన్ వంగిందని అర్థం. మళ్లీ తీయాల్సిందే.

2. కొలత కట్టడం

ఆ ఫోటోను ఏ4 కాగితం మీద ప్రింటు తీయించాం. మా మిత్రుడి ఎత్తు చెప్పులతో కలిపి 165 సెంటీమీటర్లు. కాగితం మీద బొమ్మ 22 సెంటీమీటర్లు వచ్చింది. 165ని 22తో భాగిస్తే 7.5. అంటే కాగితం మీద ఒక సెంటీమీటరు, నిజంగా ఏడున్నర సెంటీమీటర్లు.

సినిమా వీరుడి ఎత్తు వేరు, మన ఎత్తు వేరు. కాబట్టి అతని కత్తి ఎన్ని సెంటీమీటర్లని కాదు, అతని ఎత్తులో ఎన్నో వంతని చూడాలి. స్టిల్‌లో కత్తి వీరుడి ఎత్తులో సగం ఉందనుకోండి. మన బొమ్మ మీద అది 11 సెంటీమీటర్లు, చేయాల్సింది 82.5 సెంటీమీటర్లు.

3. పొరలుగా గీయడం

ఫోటో మీద ట్రేసింగ్ కాగితాలు ఒకదానిపై ఒకటి పెట్టి గీయాలి. ఒక కాగితం మీద అంగవస్త్రం, రెండోదాని మీద కవచం, మూడోదాని మీద కత్తి. అంగవస్త్రం ఒంటి వెనుక ఉండేది కనుక ఒంటికి రెండు పక్కలా కనిపించేంతవరకే గీయాలి. విడివిడిగా ఉంటే, నచ్చని భాగం ఒక్కటే మార్చుకోవచ్చు. మేము భుజాల నుంచి చీలమండ దాకా 17 సెంటీమీటర్లు గీశాం. అంటే 127.5 సెంటీమీటర్ల గుడ్డ, అంచు మడతకు మరో నాలుగు. అంతకన్నా పొడవైతే మెట్లెక్కేటప్పుడు కాలికింద పడుతుంది. గుడ్డను మెడకు కట్టవద్దు, బరువుకు గొంతు నొక్కుకుంటుంది. ఛాతీ మీదుగా వెళ్లే పట్టీలకు కుట్టాలి.

4. బొమ్మ చెప్పనిది

మేము దెబ్బతిన్నది ఇక్కడే. ఫోటోలో కవచం వెడల్పు 4 సెంటీమీటర్లు, లెక్కప్రకారం 30. కానీ ఛాతీ పలక కాదు, గుండ్రం. చొక్కా మీద టేపు చుట్టి కొలిస్తే 86 వచ్చింది. ముందు భాగానికి సగం, అంటే 43 కావాలి. అట్ట మందానికి, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ విప్పారడానికి ఇంకో రెండు కలిపితే 45. కాబట్టి పొడవులు ఫోటో నుంచి తీసుకోవచ్చు, ఒంటిని చుట్టేవాటి వెడల్పులు మాత్రం టేపుతోనే కొలవాలి. అట్టపెట్టె కోసేటప్పుడు దాని లోపలి గాడులు నిలువుగా ఉండేలా చూడండి. అప్పుడు అది విరగకుండా ఒంటి చుట్టూ వంగుతుంది.

5. కదిలి చూడటం

నిలబడిన ఫోటోలో అన్నీ అందంగానే ఉంటాయి. అందుకే చేతులెత్తి ఒకటి, స్టూలు మీద పక్కకు తిరిగి కూర్చుని ఒకటి, అదే దూరం నుంచి తీసి అదే కొలతకు ప్రింటు తీయించండి. ట్రేసింగ్ కాగితం మీది భుజ కవచాన్ని కత్తిరించి, ఎత్తిన చేతి భుజం మీద పెట్టండి. దవడకు తగిలితే పై అంచు తగ్గించాలి. కూర్చున్న ఫోటోలో ఛాతీ కవచం కింది అంచు తొడకు తగిలితే, అది పైకి జరిగి గొంతులో గుచ్చుకుంటుంది. మేము రెండంగుళాలు తగ్గించాం.

కారంపూడి వీరుల గుడిలోని ఆయుధాలు పూజలందుకునేవి కనుక వాటిని నమూనాగా తీసుకోలేదు. కత్తిని కూడా అట్టతోనే చేశాం, మొన గుండ్రంగా పెట్టాం.

రెండోసారి మాకు కోసిన అట్టలో పారేసింది అరచేయంత. తమ్ముళ్లూ, మీరు కత్తెర పట్టేముందు ఆ మూడు ఫోటోలు, ఒక టేపు దగ్గర పెట్టుకోండి.