ఫ్రాయిడ్ సిద్ధాంతం: వివరణ సరే, పరీక్ష ఎలా?

ఫ్రాయిడ్ 1923లో మనసును మూడు భాగాలుగా చూపాడు. ఇడ్ (అచిత్తు) కోరిక వెంటనే తీరాలంటుంది. ఈగో (అహం) వాస్తవాన్ని చూసి దారి వెతుకుతుంది. సూపర్ ఈగో (అధ్యహం) తప్పొప్పులు నిర్ణయిస్తుంది. మౌఖిక, ఆసన, లైంగిక, గుప్త, జననేంద్రియ దశల్లో మూడవదైన లైంగిక దశలో, అంటే సుమారు 3 నుంచి 6 ఏళ్ల మధ్య, ఈడిపస్ సంఘర్షణ తీరినప్పుడే అధ్యహం రూపుదిద్దుకుంటుందన్నాడు.

ఈడిపస్ సంఘర్షణకు ఆయన చూపిన ప్రసిద్ధ ఆధారం 1909లో ప్రచురించిన ‘లిటిల్ హాన్స్’ కేసు. అయిదేళ్ల హాన్స్‌కు గుర్రం కరుస్తుందని భయం. ఆ గుర్రం తండ్రికి ప్రతీక అన్నాడు ఫ్రాయిడ్. కానీ వివరాలు ఎక్కువగా తండ్రి రాసి పంపినవే. ఆ తండ్రి ఫ్రాయిడ్ అనుయాయి. పైగా బండి లాగే గుర్రం కూలిపోవడం పిల్లవాడు కళ్లారా చూశాడు. ఆ అనుభవం వల్ల ఏర్పడిన నిబంధిత భయంగా దీన్ని వివరించవచ్చని 1960లో వోల్పే, రాక్‌మన్ వాదించారు. బాలుడు తండ్రిని ప్రేమించినా, ద్వేషించినా సిద్ధాంతానికి సరిపోతే, దాన్ని తప్పని తేల్చే పరిశీలనే ఉండదు. కార్ల్ పాపర్ అభ్యంతరం ఇదే.

అయితే సిద్ధాంతమంతా పరీక్షకు అందనిదనడం న్యాయం కాదని అడాల్ఫ్ గ్రూన్‌బామ్ 1984లో బదులిచ్చాడు. మలవిసర్జన శిక్షణలో కాఠిన్యం పెద్దయ్యాక పిసినారితనంగా మారుతుందన్న మాటను పరీక్షించవచ్చు; దానికి గట్టి ఆధారం దొరకలేదు. కాబట్టి ఒక్కో ప్రతిపాదననూ విడిగా తూచాలి.