హాస్టల్‌కి వెళ్లాక నెలసరి గాడి తప్పింది

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా అమ్మాయికి పద్దెనిమిదేళ్లు. ఆగస్టు మొదటి వారంలో హైదరాబాద్‌లో ఇంజినీరింగ్‌లో చేర్చి హాస్టల్లో పెట్టాం. మొన్న రాత్రి పదకొండు దాటాక ఈ మెసేజ్ పెట్టింది. ఉన్నదున్నట్టు పంపుతున్నాను.

“అమ్మా, పడుకున్నావా? ఫోన్లో చెప్దామంటే ఇక్కడ రూమ్‌లో అందరూ ఉంటారు, అక్కడ నీ పక్కన నాన్న ఉంటారు. అందుకే రాస్తున్నా. కంగారు పడకు. ఇక్కడికి వచ్చినప్పటి నుంచి పీరియడ్స్ సరిగా రావట్లేదు. మనింట్లో ఉండగా జులై 29న వచ్చింది కదా. తర్వాత సెప్టెంబర్ 12న గానీ రాలేదు. మళ్లీ నవంబర్ 5న వచ్చింది. ఈసారి తొమ్మిది రోజులు ఆగలేదు. మొదటి మూడు రోజులూ రోజుకి ఆరేడు ప్యాడ్లు మార్చాను, గడ్డలు కూడా పడ్డాయి. మూడో ఫ్లోర్ ఎక్కేసరికి ఆయాసం వస్తోంది. పొద్దున్నే బాత్రూమ్ దగ్గర క్యూ, ఏడున్నరకి బస్సు, టిఫిన్‌కి టైమ్ ఉండదు. రాత్రి కూర నచ్చకపోతే నాలుగు ముద్దలు పెరుగన్నం తిని లేచిపోతున్నా. పడుకునేసరికి ఒంటిగంట, ఒక్కోసారి రెండు. పాత జీన్స్ జారిపోతోందని బెల్టు కొనుక్కున్నా. మెడికల్ షాపులో బరువు చూసుకుంటే 46 ఉన్నా. రూమ్మేట్ ఇది పీసీఓడీయే అంటోంది. తనకి తెలిసిన టాబ్లెట్ వేసుకుంటే డేట్ వచ్చేస్తుందట. ఈసారి లేటైతే వేసుకోనా? నాన్నకి చెప్పకు.”

పదమూడో ఏట పెద్దమనిషైంది. గత మూడు నాలుగేళ్లుగా 28, 30 రోజులకి తప్పకుండా వచ్చేది. జులైలో 51 కిలోలు ఉంది, ఎత్తు 158 సెంటీమీటర్లు. మా అత్తగారు చిమ్మిలి చేసి పంపమంటున్నారు. మా అక్క వెంటనే స్కానింగ్ తీయించమంటోంది. ఏం చేయమంటారు?

– ఒక తల్లి, కోనసీమ

జవాబు: అమ్మా, ముందుగా మీ అమ్మాయి చేసిన మంచి పని చెప్తాను. “సరిగా రావట్లేదు” అని ఊరుకోకుండా తేదీలు రాసింది. ఎన్ని రోజులు అయింది, ఎన్ని ప్యాడ్లు మార్చింది, ఎంత బరువు ఉంది, అన్నీ రాసింది. ఓపీలో మా ఎదుట కూర్చున్న పిల్లల దగ్గర అరగంట అడిగినా రాని వివరాలివి. వాటినే పట్టుకుని చూద్దాం.

జులై 29 నుంచి సెప్టెంబర్ 12కి 45 రోజులు. అక్కడి నుంచి నవంబర్ 5కి 54 రోజులు. రజస్వల అయిన కొత్తలో, మొదటి మూడేళ్లలో, 45 రోజుల ఎడం కూడా మామూలే. మీ అమ్మాయికి అయిదేళ్లు నిండాయి కాబట్టి 21 నుంచి 35 రోజుల మధ్య రావాలి. అంటే రెండుసార్లూ హద్దు దాటింది. దీన్ని పట్టించుకోవాలి, హడలిపోనక్కర్లేదు.

చాలామంది నెలసరి ఆలస్యమైందంటే రక్తం లోపల ఎక్కడో ఆగిపోయిందనుకుంటారు. అలా ఏమీ ఆగదు. ఆలస్యమయ్యేది అండం విడుదల. అండం విడుదలయ్యాక దాదాపు రెండు వారాలకి నెలసరి వస్తుంది, ఈ రెండు వారాల లెక్క పెద్దగా మారదు. మారేదల్లా అండం విడుదల కావడానికి ముందు గడిచే కాలం. ఇంట్లో ఉన్నప్పుడు మీ అమ్మాయికి పదిహేనో రోజు ప్రాంతంలో అండం విడుదలయ్యేది. సెప్టెంబర్ 12 నుంచి 14 రోజులు వెనక్కి లెక్కపెడితే ఆగస్టు 29, అంటే ముప్పై రెండో రోజు. నవంబర్ 5 నుంచి వెనక్కి వెళితే అక్టోబర్ 22, అంటే నలభై ఒకటో రోజు. లేదా ఆ రెండు నెలల్లో అసలు విడుదలే కాకపోయి ఉండొచ్చు. అప్పుడు గర్భాశయం లోపలి పొర రోజూ కొంచెం కొంచెం మందమవుతూ, ఇక నిలవలేక ఊడి వస్తుంది. తొమ్మిది రోజులు కావడం, గడ్డలు పడటం చూస్తే రెండోసారి జరిగింది ఇదేనేమో అనిపిస్తోంది.

అండం ఎందుకు ఆలస్యమవుతుంది? దానికి ఆజ్ఞ మెదడు నుంచి రావాలి. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. అది గంటన్నరకో, రెండు గంటలకో ఒకసారి చిన్న మోతాదులో ఒక హార్మోన్ వదులుతుంటుంది. దాని కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి ఆ సంకేతం అందుకుని అండాశయాలను పని చేయిస్తుంది. తిండి తగ్గినా, బరువు పడిపోయినా, మనసు కలత పడినా ఆ సంకేతాలు నెమ్మదిస్తాయి. ఇంట్లో రాబడి తగ్గినప్పుడు పాలు, బియ్యం ఆపం. ముందు శుభకార్యాన్ని వాయిదా వేస్తాం. ఒళ్లూ అంతే. గుండె, ఊపిరితిత్తులు ఆగకూడదు కాబట్టి బిడ్డను మోయడానికి చేసే ఏర్పాటును వాయిదా వేస్తుంది.

మీ అమ్మాయి మెసేజ్‌లో ఈ కారణాలన్నీ ఉన్నాయి. మూడున్నర నెలల్లో 51 నుంచి 46కి వచ్చింది. అంటే ఒంటి బరువులో పదో వంతు పోయింది. 158 సెంటీమీటర్ల ఎత్తుకి 51 కిలోలుంటే బీఎంఐ 20 పైన ఉంటుంది. 46 కిలోలకి అది 18.4 అవుతుంది. 18.5 కన్నా తగ్గితే తక్కువ బరువు కిందే లెక్క. టిఫిన్ లేదు, రాత్రి నాలుగు ముద్దలు, రెండింటికి నిద్ర. ఆ బెల్టే మనకు అసలు సంగతి చెప్తోంది.

ఇక పీసీఓడీ మాట. ఆ సమస్య ఉన్న పిల్లల్లో చాలామందికి మొదటి నుంచీ నెలసరి సక్రమంగా ఉండదు. గడ్డం కిందా పైపెదవి మీదా బిరుసు వెంట్రుకలు, తగ్గని మొటిమలు, కొందరికి మెడ వెనక నల్లని మందపాటి చర్మం కనిపిస్తాయి. చాలామంది బరువు పెరుగుతారు. మీ అమ్మాయికి మూడు నాలుగేళ్లు సక్రమంగా వచ్చి, ఊరు మారాక, బరువు తగ్గాక తేడా వచ్చింది. కాబట్టి నా అనుమానం పీసీఓడీ మీద లేదు. అయితే వెంట్రుకలు, మొటిమల సంగతి ఒకసారి అడగండి. స్కానింగ్ ఒక్కటే చూసి ఆ పేరు పెట్టించుకోకండి. ఈ వయసులో ఆరోగ్యంగా ఉన్న పిల్లల అండాశయాల్లో కూడా చిన్న చిన్న నీటి బుడగల్లాంటివి చాలా కనబడతాయి. అందుకే రజస్వల అయిన ఎనిమిదేళ్ల లోపు స్కానింగ్‌ని బట్టి పీసీఓడీ నిర్ధారించవద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ అమ్మాయికి ఇంకా అయిదేళ్లే.

ముందు చేయించాల్సింది రక్త పరీక్ష. మెట్లెక్కితే ఆయాసం అంటోంది కాబట్టి దీన్ని వారం లోపే చేయించండి. హిమోగ్లోబిన్ 12 కన్నా తగ్గితే రక్తహీనత ఉన్నట్టే. అప్పుడు ఐరన్ మాత్రలు ఎన్ని, ఎన్నాళ్లు అన్నది డాక్టర్ చెప్తారు. అదే రక్తంలో థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, దాంతోపాటు ప్రోలాక్టిన్ కూడా చూస్తారు. ఈ రెండిటిలో తేడా ఉన్నా నెలసరి ఇలాగే వెనక్కి పోతుంది. లేడీ డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు గర్భ పరీక్ష కూడా చేస్తామంటారు. నొచ్చుకోకండి. నెలసరి ఆలస్యమైన ఏ అమ్మాయికైనా, పెళ్లయినా కాకపోయినా, అది మేం చేసే మొదటి పని. డాక్టర్ ఒక అయిదు నిమిషాలు మీ అమ్మాయితో విడిగా మాట్లాడతానంటే మీరు బయట కూర్చోండి. స్కానింగ్ అవసరమైతే మంచినీళ్లు తాగించి పొట్ట మీద నుంచే తీస్తారు.

రూమ్మేట్ చెప్పిన టాబ్లెట్ వద్దు. అది హార్మోన్ మాత్ర అయ్యుంటుంది. కొన్ని రోజులు వాడి ఆపేస్తే వారంలోపు రక్తస్రావం అవుతుంది, డేట్ వచ్చేసిందని సంబరపడతారు. అండం మాత్రం అప్పటికీ విడుదల కాదు. కారణం అలాగే ఉండిపోతుంది. తేదీలు కలగాపులగమై మాకు కూడా దారి తెలియకుండా పోతుంది. అవసరమైనప్పుడు మేమూ ఆ మందు రాస్తాం. కానీ పరీక్షలు చూశాక, ఎన్ని రోజులో లెక్క చెప్పి రాస్తాం.

మీ అత్తగారి చిమ్మిలి తప్పకుండా పంపండి. నువ్వులూ బెల్లం వేడి చేసి నెలసరిని రప్పిస్తాయని కాదు. ఈ పిల్లకి తిండి చాలడం లేదు, నువ్వుల్లో నూనె ఉంది, మాంసకృత్తులు ఉన్నాయి, కొంత ఇనుమూ ఉంది. క్యూలో నిలబడి కూడా తినగలిగిన తిండి అది. పొద్దున రెండు చిమ్మిలి ఉండలు, ఒక అరటిపండు, గ్లాసు పాలు. బస్సులో తినడానికి ఒక ఉడికించిన గుడ్డు. మధ్యాహ్నం అన్నం పప్పు కడుపునిండా. సాయంత్రం గుప్పెడు వేయించిన వేరుసెనగలు. రాత్రి కూర నచ్చని రోజుకి మీ కందిపొడి, నెయ్యి ఉంటే నాలుగు ముద్దల దగ్గర లేవదు. పన్నెండు లోపు పడుకుంటే మంచిది. వారానికోసారి అదే మెడికల్ షాపులో, అదే పూట బరువు చూసుకోమనండి. మూడు నెలల్లో ముందు మూడు కిలోలు వెనక్కి రావాలి.

ఇవన్నీ మొదలుపెట్టినా వచ్చే నెలలోనే తేదీకి వచ్చేస్తుందని ఎదురుచూడకండి. బరువు ముందు వస్తుంది, నెలసరి ఆ వెనక నడుస్తుంది. రెండు మూడు నెలలు పట్టొచ్చు. 54 తర్వాత 43, ఆ తర్వాత 36 అని దగ్గర పడుతుంటే దారిలో పడ్డట్టే. మూడు నెలలైనా 35 రోజులు దాటే వస్తుంటే, బరువు ఇంకా తగ్గుతుంటే, లావైపోతానన్న భయంతో కావాలనే తినడం మానేస్తోందని మీకు అనిపిస్తే మళ్లీ డాక్టర్‌కి చూపించండి. తొంభై రోజులైనా రాకపోతే ఒక్క రోజు కూడా ఆగొద్దు. గంటకో ప్యాడ్ చొప్పున వరసగా రెండు గంటలు తడిసిపోతే, లేదా కళ్లు తిరిగి పడిపోతే అర్ధరాత్రయినా సరే, వార్డెన్‌ని లేపి ఆస్పత్రికి వెళ్లాలి. ఈ ఒక్క మాట మాత్రం తనకి ముందే చెప్పి ఉంచండి.

ఇక మీరేం రాయాలో కూడా అడిగారనుకుని చెప్తున్నాను. “ముందే ఎందుకు చెప్పలేదు” అని మొదలుపెట్టకండి. ఇలా రాయండి: “చెప్పి మంచి పని చేశావు. టాబ్లెట్ వేసుకోకు. శనివారం బస్సెక్కి వస్తున్నా, ఆదివారం ఖాళీగా ఉండు, సోమవారం ఇద్దరం కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్దాం. నాన్నమ్మ చిమ్మిలి చేస్తోంది. నాన్నకి నీ ఒంట్లో నీరసంగా ఉందని మాత్రం చెప్తా. ఇక నుంచి డేట్ వచ్చిన రోజు నాకు ఒక్క అంకె పంపు, చాలు.”

ఆ అంకె రావడం ఆగిపోకుండా చూసుకోండి. వచ్చే మూడు నెలలూ దాన్ని బట్టే మనకు తెలుస్తుంది.