ఆషాఢం లెక్క, శ్రావణం లెక్క

నాగర్‌కర్నూల్

చిరంజీవి తమ్ముడికి,

గద్వాల చీరల సేటుకు నువ్వు చేసిన పని గురించి రాసిన కేస్ స్టడీ రెండుసార్లు చదివిన. ఫొటోలు బాగున్నయి. కానీ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయిన: ‘నా ఫొటోలతో నెలలో అమ్మకాలు 30 శాతం పెరిగాయి.’

40 చీరలు 52 అయినయి. 30 శాతమే, లెక్క తప్పలేదు. కానీ ఆ 40 ఆషాఢంలో పోయినవి, 52 శ్రావణంలో పోయినవి. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. శ్రావణం రాగానే వరలక్ష్మీ వ్రతం, పెళ్లిళ్లు, పెట్టుబడి చీరలు. నువ్వు ఒక్క ఫొటో తీయకున్నా అమ్మకం పెరిగేదే. చీరల వ్యాపారం తెలిసిన మనిషి ఎవరైనా ఆ వాక్యం చూడగానే మిగతాదంతా అనుమానంతో చదువుతడు.

అసలు సేటు నిన్ను పిలిచింది అమ్మకాల కోసం కాదు కదా. వాట్సాప్‌లో ఫొటో చూసి కొన్నవాళ్లు చీరలు వాపస్ పంపుతున్నరని పిలిచిండు. అదే నీ సమస్య, అక్కడి నుంచే మొదలుపెట్టు. ‘ఫొటోలో మెరూన్, ఇంటికొచ్చినంక ఎరుపు’ అన్న సేటు మాటనే రాయి. ‘బ్రాండ్ విలువ పెంచాల్సి వచ్చింది’ అని రాసినవు చూడు, అది తీసెయ్.

నువ్వు చేసిన మంచి పని ఆఖరి పేరాలో దాక్కుంది. కెమెరా ముట్టకముందే, వాపస్ వచ్చిన 9 చీరల తాలూకు మెసేజీలన్నీ కూర్చొని చదివినవు. నలుగురు రంగు వేరన్నరు. ఇద్దరు పూర్తి పట్టు అనుకొని కొన్నమన్నరు. మిగతా మూడింటికి ఫొటోతో సంబంధం లేదు. అంటే 40లో 6 నీ చేతిలో ఉన్నవి. ఈ విభజనే నీ పనితనం, దాన్ని ముందుకు తీసుకురా. కొత్త సేటు నీ దగ్గరికి వస్తే, తన కష్టాన్ని కూడా ఇట్లనే విప్పి చూస్తవా అన్నదే ఆయన వెతుక్కునేది.

పని చేసిన తీరు రాసేటప్పుడు వాడిన యాప్‌ల పేర్లు ఒక్క వాక్యంలో కానిచ్చెయ్. ఏం మార్చినవో, ఎందుకు మార్చినవో చెప్పు. ట్యూబ్‌లైట్ కింద ఫోన్ తనకు తానే రంగు సరిచేసుకుంటది కాబట్టి ఒకే చీర రెండు ఫొటోల్లో రెండు రంగుల్లో పడింది. మొదట నువ్వు ఎడిటింగ్‌లో దిద్దబోయి, ప్రతి చీరకూ కంటి అందాజు మారుతుందని వదిలేసినవు. ఆ తర్వాతే పొద్దున కిటికీ వెలుతురులో, పక్కన తెల్ల కాగితం పెట్టి, దాన్నిబట్టి వైట్ బ్యాలెన్స్ ఖాయం చేసి తీసినవు. ఆ విఫలమైన ప్రయత్నాన్ని దాచకు. అది లేకుంటే కిటికీ దగ్గరికి ఎందుకు పోయినవో చదివేవాళ్లకు అర్థం కాదు.

పట్టు అనుకున్న ఇద్దరి సంగతికి వేరే మందు వేసినవు. ఒడలు నూలు, అంచు, కొంగు పట్టు అని ప్రతి చీర కింద రాయించినవు. ఒడలూ అంచూ కలిసే కుప్పడం గీతను దగ్గరగా తీసి చూపించినవు. ఆ జోడింపు మగ్గం మీదిదే, కుట్టు కాదని రాయడం నాకు చాలా నచ్చింది. ఆ వివరం చెప్పింది నేతకారుడైతే ఆ మాట కూడా రాయి.

ఇప్పుడు ఫలితం. శ్రావణంలో పంపిన 52లో 4 వాపస్ వచ్చినయి. రంగు తేడా అని వచ్చినవి 2, పట్టు అనుకున్నమన్నవాళ్లు ఒక్కరూ లేరు. అంటే ‘40కి 6 ఉండేది, 52కి 2 అయింది’ అని రాయి. ఇంత చిన్న లెక్కకు శాతాలు కడితే పెద్దగా వినబడతది, అంతే. నెలాఖరున పంపిన చీరల వాపస్ గడువు ముగిసినంకనే లెక్క వేసిన అని కూడా చెప్పు. లేకుంటే ఇంకా రావాల్సినవి ఉన్నాయేమో అన్న అనుమానం మిగులుతది.

రంగు తేడా అని వచ్చిన ఆ రెండూ డబుల్ షేడ్ చీరలే అని నీ నోట్‌బుక్‌లో ఉంది. వెలుగు పడే తీరును బట్టి రంగు మారే చీరను ఒక్క ఫొటో చూపలేదు, చిన్న వీడియో తీయాల్సింది. ఆ మాట దాచకుండా రాయి.

ఇంకొకటి. నా మొదటి కేస్ స్టడీలో ఒక వేరుశనగ వ్యాపారి అంకెలు అడగకుండా వేసిన. పోటీవాళ్లు చూస్తరని ఆయన నొచ్చుకున్నడు, మళ్లీ నాకు పని చెప్పలేదు. నువ్వు పెట్టిన స్క్రీన్‌షాట్లలో కొన్నవాళ్ల ఫోన్ నంబర్లు కనబడుతున్నయి, వాటిని ఈ రోజే తీసెయ్. నువ్వున్న వనపర్తి నుంచి గద్వాల ఎంత దూరం కనుక? ఒకసారి పోయి, రాసింది సేటుకు చదివి వినిపించు. ఆయన సరే అన్నంకనే అందరికీ చూపించు.

మీ అక్క