మధ్యాహ్నం పన్నెండున్నరకు మారే తేదీ

చీరాలలో కుప్పడం చీరలు ఆన్‌లైన్‌లో అమ్మే కొట్టులో యాడ్స్ చూసే ఉద్యోగం మీదైతే, పొద్దున్నే యజమాని అడిగే మొదటి మాట ‘నిన్న ఎన్ని ఆర్డర్లు?’ అనే. మెటా యాడ్ అకౌంట్ ఒక అంకె చెబుతుంది, గూగుల్ అనలిటిక్స్ ఇంకొకటి చెబుతుంది. ట్రాకింగ్ కోడ్ పాడైందేమో అని వెబ్‌సైట్ చేసినవాళ్లకు ఫోన్ చేసే ముందు, రెండిట్లో ఏ ఊరి గడియారం నడుస్తోందో చూడండి.

సాధారణంగా జరిగేది ఇది. యాడ్ అకౌంట్ తెరిచేటప్పుడు డబ్బు రూపాయల్లో కట్టాలి కాబట్టి భారత సమయం జాగ్రత్తగా ఎంచుకుంటారు. అనలిటిక్స్ పెట్టేటప్పుడు మాత్రం ముందే నింపి ఉన్న అమెరికా సమయాన్ని గమనించకుండా ముందుకు నొక్కేస్తారు. లాస్ ఏంజెలెస్‌లో అర్ధరాత్రి అయ్యేసరికి మనకు మధ్యాహ్నం 12:30. అంటే అనలిటిక్స్‌లో ఆదివారం మన ఆదివారం మధ్యాహ్నం మొదలై సోమవారం మధ్యాహ్నం దాకా సాగుతుంది. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు. అప్పట్నుంచి మార్చి దాకా ఆ హద్దు మనకు 1:30కి జరుగుతుంది.

దీనివల్ల ఎంత నష్టమో ఉదాహరణకు ఒక లెక్క వేసుకుందాం. శనివారం యాడ్స్‌కు 1,500 రూపాయలు, ఆదివారం 3,000 పెట్టారు. ఆర్డర్ రిజిస్టర్‌లో మన సమయం ప్రకారం శనివారం 9, ఆదివారం 18, సోమవారం 6 ఆర్డర్లు ఉన్నాయి. ఆదివారపు పద్దెనిమిదిలో 8 మధ్యాహ్నం పన్నెండున్నర లోపే వచ్చాయి. శనివారం అలా ముందు వచ్చినవి 3, సోమవారం 2. ఇప్పుడు అనలిటిక్స్ చూస్తే శనివారం ఖాతాలో శనివారం మధ్యాహ్నం తర్వాతి 6, ఆదివారం పొద్దుటి 8 కలిసి 14 కనిపిస్తాయి. ఆదివారం ఖాతాలో మిగిలిన 10, సోమవారం పొద్దుటి 2 కలిసి 12. ఖర్చును యాడ్ అకౌంట్ నుంచి, ఆర్డర్లను అనలిటిక్స్ నుంచి తీసి పక్కపక్కన పెట్టిన యజమానికి, ఆదివారం రెట్టింపు డబ్బు పోసినా అమ్మకం తగ్గిందనిపిస్తుంది. తన బాగా నడిచే రోజునే ఆపేయమంటాడు. నిజానికి రెండు రోజుల్లోనూ ఆర్డరుకు పడిన ఖర్చు సరిగ్గా సమానం.

గడియారమే కారణమని ఎలా తెలుస్తుంది? తేడా ఒక రోజు ఎక్కువగా, ఇంకో రోజు తక్కువగా ఊగుతుంది. నెల మొత్తం కూడితే దాదాపు కలిసిపోతుంది, రెండు చివర్ల మిగిలే పూట ఆర్డర్లు తప్ప. ప్రతిరోజూ అనలిటిక్సే తక్కువ చూపిస్తుంటే అది వేరే జబ్బు, అప్పుడు ట్రాకింగ్ కోడ్ వెతకాలి. ఖాయం చేసుకోవాలంటే రిజిస్టర్‌లో ఉదయం పదిగంటలకు వచ్చిన ఒక ఆర్డర్ నంబరు తీసుకుని, రెండు రోజులాగి అనలిటిక్స్‌లో `Transaction ID` ద్వారా వెతకండి. ముందు రోజు తేదీలో దొరికితే అనుమానం తీరినట్టే.

మార్చాల్సింది అనలిటిక్స్‌నే. మెటాలో టైమ్ జోన్ మార్చితే పాత యాడ్ అకౌంట్ మూసేసి కొత్తది తెరవాల్సి వస్తుంది, ఆ పని పెట్టుకోవద్దు. అనలిటిక్స్‌లో `Admin`, తర్వాత `Property details` తెరిస్తే `Reporting time zone` ఉంటుంది. అక్కడ భారత సమయం పెట్టండి. ఈ మార్పు ఇకపై వచ్చే రోజులకే వర్తిస్తుంది, గడిచిన తేదీలు పాత గడియారంతోనే ఉండిపోతాయి. మార్చినప్పుడు గడియారం ఒక్కసారిగా ముందుకు దూకుతుంది కాబట్టి రిపోర్టులో కొన్ని గంటలు ఖాళీగా కనిపించవచ్చు. ఆ తేదీని రిపోర్టు షీట్‌లో పైనే రాసిపెట్టండి, రేపు మీ స్థానంలోకి వచ్చేవాళ్లు ఆ గుంత చూసి కంగారు పడకుండా.

పాత రోజులు కూడా సరిచేయాలంటే, ముందు నుంచే బిగ్‌క్వెరీకి డేటా పంపుతూ ఉండాలి. అక్కడ `event_date` పాత టైమ్ జోన్‌దే, `event_timestamp` మాత్రం ఏ ఊరికీ చెందని ప్రామాణిక సమయం. తేదీని దాన్నుంచే తీయండి:

```sql
DATE(TIMESTAMP_MICROS(event_timestamp), 'Asia/Kolkata')
```

గంటలవారీ రిపోర్టు దించుకుని చేత్తో జరపాలని చూస్తే మాత్రం కుదరదు. మన సమయంలో అరగంట ఉంది కదా, హద్దు ఎప్పుడూ ఒక గంట మధ్యలో పడుతుంది.

ఇదంతా చేశాక కూడా రోజువారీ అంకెలు అచ్చుగుద్దినట్టు కలవవని యజమానికి ముందే చెప్పండి. మీరు గూగుల్ యాడ్స్ కూడా నడుపుతుంటే, ఆదివారం యాడ్ నొక్కి మంగళవారం చీర కొన్న ఆవిడ ఆర్డరును అది ఆదివారం ఖాతాలో వేస్తుంది, అనలిటిక్స్ మంగళవారంలో వేస్తుంది. గూగుల్ యాడ్స్‌లో ఇందుకోసమే `Conversions (by conv. time)` అనే కాలమ్ ఉంది, దాన్ని పక్కన పెట్టుకుని చూడండి. ‘నిన్న ఎన్ని ఆర్డర్లు?’ అన్నదానికి జవాబు మాత్రం రిజిస్టర్ చూసి చెప్పండి.