రిపేరు షాపులో వదిలిన గడియారం

కోర్టు పనిలో గడిపిన ఏళ్లలో నా దగ్గరికి వచ్చిన చిన్న తగాదాల్లో చాలావాటికి మూలం ఒక్కటే: ఒకరి సొత్తు ఇంకొకరి చేతిలో ఉండటం. వాటి గురించి నేను తెలుసుకున్నవి జూనియర్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

1. వస్తువు ఎందుకు చేతులు మారిందో ముందు అడగండి.

ఆగిపోయిన చేతి గడియారాన్ని బాగుచేయమని షాపులో ఇచ్చారనుకోండి. పని అయ్యాక తిరిగి ఇవ్వాలన్న ఒప్పందం మీద ఇచ్చారు కాబట్టి, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 148వ సెక్షన్ ప్రకారం అది బెయిల్‌మెంట్. అదే గడియారాన్ని మూడు వేల అప్పుకు హామీగా పెడితే అది తాకట్టు. తాకట్టు కూడా బెయిల్‌మెంటే, కాకపోతే అప్పు కోసం చేసినది. లీన్ సంగతి వేరు. దాన్ని ఎవరూ విడిగా రాసుకోనక్కర్లేదు. చేసిన పనికి డబ్బు అందేదాకా వస్తువును ఆపుకునే హక్కును చట్టమే మెకానిక్‌కు ఇస్తుంది.

2. జాగ్రత్త అందరికీ ఒకటే.

రిపేరుకు తీసుకున్నా తాకట్టు పట్టినా, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎలా చూసుకుంటాడో అలా చూసుకోవాలి. అంత జాగ్రత్తా తీసుకున్నాక కూడా దొంగలు పడితే, వేరే ఒప్పందం లేనంతవరకు అతని మీద బాధ్యత ఉండదు. కానీ మెకానిక్ ఆ గడియారం పెట్టుకుని పెళ్లికి వెళ్లి అక్కడ పగలగొడితే, నష్టం కట్టాల్సిందే.

3. లీన్ ఆ పని కూలికే, పాత బాకీకి కాదు.

నేను చూసిన ఒక తగాదాలో రిపేరుకు 600 రూపాయలు అయింది. అంతకు ముందే ఆ కస్టమర్ మెకానిక్ దగ్గర 2,000 చేబదులు తీసుకుని ఉన్నాడు. 600 బల్ల మీద పెడితే, "ఆ రెండు వేలూ ఇస్తేనే గడియారం" అన్నాడు మెకానిక్. ఆ మాట చెల్లదు. 170వ సెక్షన్ ఇచ్చే హక్కు ఆ గడియారం మీద, ఆ ఒప్పందం ప్రకారం చేసిన పని డబ్బుకే. పాత బాకీకి కూడా వస్తువును ఆపుకునే హక్కు 171వ సెక్షన్ కింద బ్యాంకర్ల వంటి కొద్దిమందికే ఉంది. మిగతావాళ్లకు ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి. చేబదులు కోసం అతను విడిగా దావా వేసుకోవాలి.

ఇంకోటి. "డబ్బు మూడు నెలల తర్వాత ఇద్దువులే" అని ముందే ఒప్పుకున్నవాడికి ఆపుకునే హక్కే రాదు. డబ్బు తీసుకోకుండా గడియారం చేతికిచ్చేసినా అంతే, లీన్ పోతుంది. బాకీ మాత్రం మిగిలే ఉంటుంది.

4. సొంత గడియారం తీసుకున్నా దొంగతనం కావచ్చు.

కక్షిదారులు నమ్మనిది ఇదే. "నా వస్తువు నేను తెచ్చుకుంటే దొంగతనమా?" అంటారు. 1860 నాటి శిక్షాస్మృతి దొంగతనాన్ని వివరిస్తూ ఇచ్చిన ఉదాహరణల్లో సరిగ్గా మన గడియారమే ఉంది. భారతీయ న్యాయ సంహిత కూడా వాటిని 303వ సెక్షన్‌లో ఉంచింది. షాపువాడికి ఏ బాకీ లేని యజమాని పట్టపగలు వెళ్లి బలవంతంగా గడియారం లాక్కుంటే, అక్రమ ప్రవేశమో దౌర్జన్యమో కావచ్చు గానీ దొంగతనం కాదు. రిపేరు డబ్బు బాకీ ఉండి, షాపువాడికి ఆ హామీ లేకుండా చేయాలని తీసుకుపోతే దొంగతనం. తాకట్టు పెట్టి, అప్పు తీర్చకుండా అవతలివాడి అనుమతి లేకుండా తెచ్చుకున్నా దొంగతనమే.

కాబట్టి అలాంటి ఫిర్యాదు వస్తే గడియారం ఎవరిదని అడిగి ఊరుకోకండి. ఆ రోజున బాకీ ఉందా, ఉంటే దేని తాలూకుదని అడగండి. పై తగాదాలో 600 కట్టేసిన కస్టమర్ తన గడియారం తాను లాక్కుని ఉంటే, 2,000 బాకీ ఉందని చూపించి దొంగతనం నిలబెట్టలేరు.

5. అమ్మే హక్కు తాకట్టు పట్టినవాడికే ఉంది.

గడువుకు అప్పు తీరకపోతే తాకట్టుదారు, తగినంత వ్యవధితో నోటీసిచ్చి వస్తువును అమ్ముకోవచ్చు. మూడు వేల అప్పుకు వడ్డీ, ఖర్చులు కలిపి 3,400 అయి, గడియారం 5,000 పలికితే, మిగిలిన 1,600 యజమానికి ఇవ్వాలి. ధర తక్కువ పలికితే లోటును యజమాని భరించాలి. నిజంగా అమ్మకం జరిగేదాకా, ఆలస్యం వల్ల అయిన ఖర్చులతో సహా కట్టి విడిపించుకునే అవకాశం ఉంటుంది. 1966లో లల్లన్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: తాకట్టు వస్తువును తిరిగి ఇవ్వలేని స్థితిలో ఉన్నవాడు అప్పుకు డిక్రీ పొందలేడు.

మెకానిక్‌కు 170వ సెక్షన్ ఇచ్చింది ఆపుకునే హక్కు ఒక్కటే, అమ్మే హక్కు కాదు. యజమాని ఎంతకీ రాకపోతే గడియారాన్ని భద్రంగా ఉంచుకుని, కూలి కోసం దావా వేయాలి. చెల్లింపుకు గడువేమీ పెట్టుకోకపోతే, పని పూర్తయిన రోజు నుంచి మూడేళ్లలోపే వేయాలి. అందుకే రసీదు మీద పని పూర్తయిన తేదీ కూడా రాసి ఉంచమని షాపువాళ్లకు చెబుతుంటాను.